ఒకే పొరగా మారిన ఫోటో నుంచి స్టిక్కర్ తీయడం ఎలా

కర్నూలులో ఫోటోలకు మెరుగులు దిద్దే పని చేస్తుంటాను. ఈ మధ్య ఎక్కువగా వచ్చే కోరిక ఒకటే. ఇన్‌స్టాగ్రామ్‌లోనో వాట్సాప్ స్టేటస్‌లోనో పెట్టిన ఫోటో పంపి, "అన్నా, దీని మీదున్న గుండె బొమ్మ తీసేసి ఫ్రేమ్ కట్టించివ్వు. కింద ఉన్నది ఎలాగూ ఉంటుంది కదా" అంటారు. కింద ఏమీ ఉండదు. ఈ పని నేర్చుకోవాలనుకునేవారు ముందుగా మనసుకు పట్టించుకోవలసింది ఇదే. లేకపోతే "స్టిక్కర్ కింది బొమ్మ చూపిస్తాం" అని డబ్బులు గుంజే యాప్‌ల వెంట తిరగడమే మిగులుతుంది.

ఫోటోలో ప్రతి పిక్సెల్ దగ్గర రాసి ఉండేది ఒకే ఒక్క రంగు. అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు చెప్పే మూడు అంకెలు. మీరు ఫోన్లో స్టిక్కర్‌ను అటూ ఇటూ జరుపుతున్నంత సేపు అది విడి పొరగానే ఉంటుంది. పోస్టు చేయగానే యాప్ రెండు పొరలనూ కలిపి ఒక్క జేపెగ్ ఫైలు చేస్తుంది. చీర మీద పసుపు ఎమోజీ పెట్టారనుకోండి. అప్పుడు స్టిక్కర్ ఉన్న చోట పసుపు అంకెలు పడి, వాటి వెనక ఉన్న చీర రంగు అంకెలు పూర్తిగా పోతాయి. దాచిపెట్టినవైతే వెతికి తీయవచ్చు గానీ, అసలు రాయనే రాయని వాటిని ఏ కంప్యూటరూ తీయలేదు. స్టిక్కర్ సగం పారదర్శకంగా ఉంటే మాత్రం కొంత ఆశ ఉంటుంది. అక్కడ రెండు రంగులూ కలిసి ఉంటాయి కాబట్టి లెక్క వెనక్కి వేసి కొంత రాబట్టవచ్చు. ఎమోజీలు, గుండెలు, పూల స్టిక్కర్లలో దాదాపు అన్నీ మధ్యలో గట్టి రంగువే. వాటి చుట్టూ ఉండే మెత్తని నీడ ఒక్కటే పారదర్శకం.

కాబట్టి మనం చేసేది స్టిక్కర్‌ను ఊడదీయడం కాదు, ఆ జాగాలో కొత్తగా బొమ్మ వేయడం. అలా వేయడానికి కావలసిన సరుకు ఎక్కడ దొరుకుతుందన్నదే అసలు ప్రశ్న. అదే ఫోటోలో పక్కనున్న భాగం నుంచి తెచ్చుకోవచ్చు. అదే రోజు తీసిన మరో ఫోటో నుంచి తెచ్చుకోవచ్చు. ఫోటోలో కనిపించే వస్తువు ఇప్పటికీ ఎక్కడో ఉంటే, వెళ్లి దాన్ని మళ్లీ ఫోటో తీసి తెచ్చుకోవచ్చు. మూడో దారి చాలామందికి తట్టదు. ఈ పనిలో గొప్ప ఫలితం ఇచ్చేది మాత్రం అదే.

ఒక ఫోటోను తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేసి చూద్దాం. కొండారెడ్డి బురుజు ముందు ఒక పెద్దాయన, ఆయన భార్య, ఐదారేళ్ల మనవడు నిలబడి ఉన్నారు. సాయంత్రపు ఎండ. ఫైలు 1080 పిక్సెళ్ల వెడల్పు, 1350 పిక్సెళ్ల ఎత్తు. కూతురు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేటప్పుడు మూడు బొమ్మలు అతికించింది. ఒక ఎర్ర గుండె సగం ఆకాశంలోను, సగం బురుజు పైఅంచు మీద ఉంది. ఒక నవ్వు ముఖం పెద్దావిడ ఎడమ భుజం మీద, చీర అంచును కప్పేస్తూ ఉంది. మరో పసుపు ముఖం పిల్లవాడి ముఖం మీదే ఉంది. అసలు ఫోటో ఉన్న ఫోను నీళ్లలో పడి పోయింది.

ముందు అసలు ఫోటో కోసం ఒక వెతుకులాట

"పోయింది" అన్న మాటను అంత తేలిగ్గా నమ్మకండి. వాట్సాప్‌లో స్టిక్కర్ పెట్టి పంపినప్పుడు మారేది పంపిన నకలు మాత్రమే. గ్యాలరీలోని అసలు ఫోటో అలాగే ఉంటుంది. ఐఫోన్‌లో ఫోటోస్ యాప్‌లోనే దిద్దిన ఫోటో అయితే `Revert` నొక్కితే పాతది వస్తుంది. గూగుల్ ఫోటోస్ ఖాతాను మరో ఫోన్లో తెరిచి చూడమనండి. స్టిక్కర్ పెట్టకముందే అదే ఫోటోను ఏ పిన్నికో మేనమామకో పంపి ఉండవచ్చు, కుటుంబ గ్రూపులో ఒక్క మాట అడిగితే పోయేదేమీ లేదు. ఇవేవీ దొరక్కపోతే, అదే రోజు అక్కడ తీసిన మిగతా ఫోటోలన్నీ అడగండి. పెద్దావిడ కళ్లు మూసుకున్న ఫోటో అయినా సరే, భుజం మీది చీర అంచు కనిపిస్తే మనకు పనికొస్తుంది.

రెండో మాట, తెరపట్టు తీసుకోకండి. ఫోను తెర మీద కనిపించేదాన్ని పట్టిన బొమ్మలో కొలత మారుతుంది, పదును తగ్గుతుంది. పోస్టు పెట్టినవాళ్లనే తమ ఖాతా నుంచి ఫైలు దించి పంపమనండి. పంపేటప్పుడు ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపాలి. లేకపోతే వాట్సాప్ దాన్ని మరోసారి కుదిస్తుంది.

కొందరు ఇంకో సంగతి అడుగుతారు. 2023లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో కత్తిరించిన తెరపట్టుల నుంచి పాత భాగం మళ్లీ బయటపడింది కదా, ఇక్కడ అలా కుదరదా అని. అక్కడ జరిగింది వేరు. కొత్త ఫైలును పాత ఫైలు మీదే రాసి, పాతదాని తోకను తెంచకుండా వదిలేశారు. అప్పుడు దొరికింది ఆ తోకే గాని, బొమ్మ కింద దాగిన పిక్సెళ్లు కావు. సామాజిక మాధ్యమంలోకి ఎక్కిన ఫోటోను అక్కడి సర్వరు చాలావరకు కొత్తగా కుదించి రాస్తుంది కాబట్టి అలాంటి తోకలేవీ మిగలవు. దాన్ని వదిలేసి పనిలోకి వెళ్దాం.

స్టిక్కర్ అంచు కనిపించే చోటే ఆగదు

నేను వాడేది గింప్ అనే ఫోటోలు దిద్దే ప్రోగ్రామ్. ఉచితం, మామూలు కంప్యూటర్‌లో నడుస్తుంది. ఫోటో తెరవగానే `Layer > Duplicate Layer` తో ఒక నకలు చేసుకుని, ఆ నకలు మీదే పనిచేయండి. కింది పొరను అసలు ముట్టుకోవద్దు. ఎక్కడ ఎంత మార్చామో పోల్చుకోవడానికి అదే ఆధారం.

ఇప్పుడు గుండె బొమ్మ దగ్గరికి 400 శాతం పెద్దది చేసి వెళ్లండి. `Colors > Hue-Saturation` తెరిచి, రంగు చిక్కదనాన్ని చివరి దాకా పెంచి చూడండి. గుండె చుట్టూ ఆకాశంలో పలచని గులాబీ ఛాయ, గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. చూసిన తర్వాత `Cancel` కొట్టేయండి.

ఆ ఛాయ జేపెగ్ వల్ల వచ్చింది. జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి కుదిస్తుంది. పైగా రంగును వెలుగంత శ్రద్ధగా దాచదు. సాధారణంగా నిలువునా అడ్డంగా సగానికి తగ్గించి దాస్తుంది కాబట్టి రంగు విషయంలో ఒక్కో గడి 16×16 పిక్సెళ్లు అవుతుంది. ఆ గడిలో ఒక మూల ఎర్ర గుండె ఉంటే, ఆ ఎరుపు గడి అంతటా కాస్త పాకుతుంది. స్టిక్కర్‌ను సరిగ్గా అంచు వరకే ఎంచుకుని పని ముగించినవాళ్ల ఫోటోల్లో గుండె పోయినా దాని ఆకారం మాత్రం దయ్యంలా మిగిలిపోయేది ఇందుకే. ఫోన్లో చిన్నగా చూసినప్పుడు అది తెలియదు. ఫ్రేమ్ కట్టించి గోడకు పెట్టాక మొదట కనిపించేది అదే.

అందుకని `Free Select` తో గుండె చుట్టూ గీసి, `Select > Grow` లో 16 పిక్సెళ్లు పెంచండి. స్టిక్కర్‌కు నీడ కూడా ఉంటే ఆ నీడ ఎంత దూరం పోయిందో అంత వరకు పెంచాలా అంటే, అక్కర్లేదు. నీడ పారదర్శకం కాబట్టి దాని కింద ఉన్నది నల్లబడింది గాని చెరిగిపోలేదు. బయటి వైపు పలచని నీడను విడిగా ఎంచుకుని, సెలెక్షన్ అంచును నాలుగైదు పిక్సెళ్లు మెత్తబరిచి, `Colors > Curves` తో కాస్త వెలుగు పెంచితే అసలు బొమ్మే తిరిగి వస్తుంది. ఈ మొత్తం పనిలో నిజంగా కింద ఉన్నదాన్ని బయటికి తీయగలిగేది ఈ ఒక్క చోటే. దాన్ని కూడా చెరిపేసి కొత్తగా వేయడం దండగ.

ఆకాశం, బురుజు అంచు

ఇక్కడ వాడేవి రెండు పనిముట్లు. `Clone` ఒక చోటి పిక్సెళ్లను ఉన్నవి ఉన్నట్టు మరో చోటికి తెస్తుంది. `Heal` తెచ్చినదాని నూగును, అంటే సన్నని గరుకును మాత్రం ఉంచుకుని, రంగును చేరిన చోటికి తగ్గట్టు మార్చుకుంటుంది. కొత్తగా చేసేవాళ్లందరూ `Heal` పేరు చూసి నేరుగా దానితోనే గుండె మీద రుద్దుతారు. బ్రష్ కింద ఉన్నది ఎర్ర గుండె. అది "చేరిన చోటి రంగు" అంటే ఆ ఎరుపే అనుకుంటుంది. ఆకాశం నూగు ఉన్న గులాబీ మచ్చ ఒకటి తయారవుతుంది. కాబట్టి ఎరుపు ఒక్క పిక్సెల్ కూడా మిగలకుండా `Clone` తో కప్పేసిన తర్వాతనే, అతుకులను కలపడానికి `Heal` ను పట్టుకోవాలి.

ఆకాశం తేలిక అనుకుంటారు గానీ అది ఒకే రంగులో ఉండదు. సాయంత్రం వేళ పైన నీలం ఎక్కువ, కిందికి వచ్చేకొద్దీ తెలుపు, పసుపు కలుస్తాయి. పై నుంచి తెచ్చి కింద వేస్తే నల్లటి అతుకు పడుతుంది. ఎంత ఎత్తులో వేస్తున్నారో అంతే ఎత్తులో, ఎడమ నుంచో కుడి నుంచో తెచ్చుకోండి. `Ctrl` నొక్కి పక్కన ఒక చోట క్లిక్ చేస్తే అది మూలం అవుతుంది. `Alignment` లో `Aligned` పెట్టుకుంటే ఆ దూరం మారకుండా ఉంటుంది. బ్రష్ మెత్తనిది, 60 పిక్సెళ్లకు అటూ ఇటూ చాలు. సగం గుండెను ఎడమ వైపు నుంచి, సగం కుడి వైపు నుంచి నింపి, మధ్యలో కలిసే చోట `Heal` తో రెండు మూడు సార్లు తాకండి.

బురుజు పైఅంచు దగ్గర ఆకాశానికి, రాతికి మధ్య గీత గుండె కింద మాయమైంది. అటూ ఇటూ రెండు కొసలు కనిపిస్తున్నాయి. ఆ రెంటినీ కలుపుతూ పోయే గీత ఎలా ఉండాలో ముందే తేల్చుకోవాలి. బ్రష్‌తో తడుముకుంటూ పోతే అంచు మైనం కరిగినట్టు జారిపోతుంది. `Free Select` తో ఆ గీత పొడవునా, ఆకాశం వైపు భాగాన్ని ఎంచుకోండి. `Select > Feather` ఒక్క పిక్సెల్ ఇవ్వండి. ఇప్పుడు ఆకాశాన్ని ఎంత ధైర్యంగా పూసినా అది రాతి మీదికి దాటదు. అది అయ్యాక `Ctrl+I` కొడితే సెలెక్షన్ తిరగబడుతుంది. ఇక రాతి వైపు పనిచేయవచ్చు. ఈ అంచుకు పది పిక్సెళ్ల దూరంలోకి `Heal` ను రానివ్వకండి. నల్లటి రాయి రంగును ఆకాశంలోకి లాగి మసి చేస్తుంది. అంచు దగ్గర ఎప్పుడూ `Clone` మాత్రమే.

మళ్లీ బురుజు దగ్గరికి

రాతి భాగాన్ని పక్క రాళ్ల నుంచి తెచ్చి నింపవచ్చు. అడ్డంగా సాగే రాతి వరుసలు, వాటి మధ్య సందులు అటూ ఇటూ సరిగ్గా కలవాలి. బురుజు గుండ్రం కాబట్టి ఎండ పడే వైపు రాళ్లకు, నీడ వైపు రాళ్లకు వెలుగు వేరు. ఒకే మరక ఉన్న రాయి రెండు చోట్ల కనిపిస్తే చూసేవారికి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా అనిపిస్తుంది. ఇంత కష్టపడి కల్పించిన రాళ్లు నిజమైనవీ కావు. బురుజు మాత్రం ఊరి నడిబొడ్డున అలాగే నిలబడి ఉంది. విజయనగరం కాలం నుంచి ఉన్నది, మీరు వెళ్లేసరికి ఎక్కడికీ పోదు. వెళ్లి ఫోటో తీసుకు రండి.

వెళ్లి తీసే ఫోటోలో ఒకే ఒక్క విషయం కచ్చితంగా ఉండాలి. పాత ఫోటో తీసినవారు ఎక్కడ నిలబడ్డారో మీరూ అక్కడే నిలబడాలి. జూమ్ తేడా వస్తే తర్వాత పెద్దదో చిన్నదో చేసి సరిపెట్టవచ్చు. నిలబడిన చోటు మారితే ముందున్నవాటికి వెనకున్నవాటికి మధ్య పొందిక మారిపోతుంది, దాన్ని ఏ పనిముట్టూ పూర్తిగా సరిచేయలేదు. చోటు పట్టుకోవడానికి ఒక కిటుకు ఉంది. పాత ఫోటోలో ఒకటి దగ్గరగా, మరొకటి దూరంగా ఉండి, ఒకదాని మీద ఒకటి పడే రెండు వస్తువులను చూసుకోండి. ఈ ఫోటోలో ఒక దీపస్తంభం బురుజు కుడి అంచుకు సరిగ్గా తగులుతూ ఉంది. ఫోన్లో పాత ఫోటో పెట్టుకుని, స్తంభం ఆ అంచును అలాగే తాకేదాకా పక్కకు జరగండి. అలాంటి జత మరొకటి దొరికితే ముందు వెనకల లెక్క కూడా తేలిపోతుంది. ఆ ఎత్తులోనే ఫోను పట్టుకోండి, ఎందుకంటే కూర్చుని తీస్తే పైఅంచు ఆకారం మారుతుంది. ఎండ కూడా అదే వైపు నుంచి పడాలి కాబట్టి సాయంత్రమే వెళ్లాలి. మబ్బు పట్టిన రోజు తీసిన రాళ్లు ఎండ ఫోటోలో కలవవు.

ఇంటికి వచ్చాక `File > Open as Layers` తో కొత్త ఫోటోను పాతదాని మీద పొరగా తెరవండి. దాని `Opacity` 50కి తగ్గిస్తే రెండు బురుజులూ ఒకేసారి కనిపిస్తాయి. `Unified Transform` తో కొత్తదాన్ని చిన్నది చేసి, జరిపి, గుండెకు దగ్గరగా ఉన్న నాలుగు రాతి మూలలు కలిసేలా కుదర్చండి. బురుజు మొత్తం కలవాలని పట్టుబట్టనక్కర్లేదు, మనకు కావలసింది ఆ కొంచెం జాగానే. `Opacity` మళ్లీ 100 చేసి, `Layer > Mask > Add Layer Mask` లో నలుపు ఎంచుకోండి. కొత్త ఫోటో మొత్తం మాయమవుతుంది. మాస్కు మీద తెల్ల రంగు బ్రష్‌తో గుండె ఉన్న చోట పూస్తే అక్కడ మాత్రం బయటికి వస్తుంది. ఎక్కువ పూశామనిపిస్తే నలుపుతో పూసి వెనక్కి తీసుకోవచ్చు, ఏదీ చెడదు.

ఇక్కడ రాళ్లు నిజమైనవే అయినా అతుకు తెలుస్తుంది. కొత్త ఫోటో మరీ పదునుగా ఉంటుంది, ఇన్‌స్టాగ్రామ్ కుదించిన పాతది కొంచెం మసకగా ఉంటుంది. `Curves` తో వెలుగు సరిపెట్టి, `Gaussian Blur` అర పిక్సెల్ నుంచి ఒక పిక్సెల్ లోపు ఇస్తే రెండూ కలుస్తాయి. పదును తక్కువైన ఫోటోను పదును చేయడం కంటే పదునైనదాన్ని మసక చేయడమే ఎప్పుడూ సులువు.

చీర అంచు

పెద్దావిడ కట్టుకున్నది ధర్మవరం పట్టుచీర. వెడల్పాటి జరీ అంచు, దాని నిండా వరుసగా వచ్చే మామిడిపిందెలు. నవ్వు ముఖం భుజం మీద పిందెలు మూడింటిని కప్పేసింది. కొంగు కిందికి దిగిన చోట అవే పిందెలు శుభ్రంగా కనిపిస్తున్నాయి.

దిగిన కొంగు నుంచి ఒక పిందెను, దాని పక్కనున్న సందుతో సహా ఎంచుకుని కొత్త పొరగా అతికించండి. భుజం మీద అంచు ఎటు వంగుతుందో చూసి తిప్పండి. మరో రెండు నకళ్లు చేసి వరుసగా పేర్చండి. పిందెకూ పిందెకూ మధ్య దూరం భుజం పైకి వచ్చేకొద్దీ కొద్దిగా తగ్గాలి, ఎందుకంటే అక్కడ బట్ట మన నుంచి వెనక్కి తిరుగుతోంది. ఈ చిన్న కుదింపు లేకపోతే అంచు భుజానికి అతికించిన కాగితంలా ఉంటుంది. మూడు పిందెలనూ ఒకే పొరలో కలిపి, `Warp Transform` తో మెల్లగా వంచి, ఎమోజీ పైన కింద కనిపిస్తున్న అసలు అంచుకు రెండు కొసలూ చేర్చండి.

వెలుగునీడలను విడిగా వేయాలి. దానికి పైన ఒక ఖాళీ పొర పెట్టి `Mode` లో `Multiply` ఎంచుకుని, పక్కనున్న మడత నీడ రంగును పట్టి, మెత్తని బ్రష్‌తో పలచగా పూయండి. జరీకి ఒక గుణం ఉంది. కొంగు దగ్గర బంగారు మెరుపుతో ఉన్న పిందె భుజం మీద తిరిగినప్పుడు గోధుమ రంగులోకి దిగిపోతుంది. మెరుపును అలాగే తెచ్చి పెడితే అక్కడ దీపం వెలిగించినట్టు ఉంటుంది. పక్కనున్న అసలు జరీ ఎంత మెరుస్తోందో అంతకు మించనివ్వకండి.

ఆ చీర ఇంట్లో బీరువాలో ఉంటే ఇన్ని తిప్పలు అక్కర్లేదు. ఎవరైనా భుజాన వేసుకుని, పాత ఫోటోలోలాగా నిలబడితే ఫోటో తీసుకుని, బురుజుకు చేసినట్టే పొరగా తెరిచి కలపవచ్చు. నేను ముందు అడిగేది ఇదే. పట్టుచీరలను మన ఇళ్లలో ఎవరూ పారేయరు కాబట్టి చాలాసార్లు దొరుకుతుంది.

మెడలోని గొలుసో, చేతి గాజులో, వేళ్లో స్టిక్కర్ కింద పడితే ఊహించి వేయకండి. ఆ రోజు ఆవిడ ఏ గొలుసు వేసుకుందో ఇంటివాళ్లకు తెలుస్తుంది. మీరు వేసిన తప్పుడు గొలుసును వాళ్లు ఫ్రేమ్ విప్పకముందే పట్టేస్తారు.

పిల్లవాడి ముఖం

దీనికి వేరే లెక్క. రాళ్లలో ఒకటి అటు ఇటు అయినా బురుజు బురుజే. ముఖంలో కన్ను నాలుగు పిక్సెళ్లు జరిగితే అది మరో మనిషి. ఎమోజీ కింద ఉన్న ముఖాన్ని తెచ్చే మార్గం లేదు, చుట్టూ ఉన్న చెవి, జుట్టు చూసి కల్పించిన ముఖం ఆ పిల్లవాడిది కాదు. "తీశాం" అని ఎవరైనా చూపిస్తే అది వాళ్లు గీసిన ఎవరిదో ముఖం. కళ్లజోడు, గడ్డం ఉన్న పెద్దవాళ్ల ముఖాలకూ ఇదే మాట.

మరో సంగతి, పిల్లల ముఖాల మీద ఎమోజీ చాలావరకు అలంకారం కోసం పెట్టింది కాదు, కావాలని దాచింది. అందుకే ఇంటివాళ్లు కాని వారెవరైనా ఈ పని తెస్తే నేను చేయను. ఇక్కడ అడిగింది పిల్లవాడి తల్లే, కావలసింది గోడ మీది ఫ్రేమ్. అప్పుడు చేయగలిగింది ఒకటే. అదే రోజుల్లో, తల అదే వైపు తిప్పి, ఎండ అదే వైపు నుంచి పడిన మరో ఫోటో అడిగి, అందులోని తలను తెచ్చి కలపడం. ముక్కు నీడ ఎటు పడుతోందో రెండు ఫోటోల్లోనూ చూడండి. ఇక్కడ ఎడమకు, అక్కడ కుడికి ఉంటే ఆ ఫోటో పనికిరాదు. తలను తిరగేసి కుదిర్చే పని చేయకండి, పాపిడి, పుట్టుమచ్చ పక్క మారిపోతాయి. ఎమోజీ బయటికి పొడుచుకొచ్చిన అసలు చెవిని, జుట్టును వీలైనంత అలాగే ఉంచి, లోపలి భాగం మాత్రమే కలపండి. ముఖం మరో ఫోటోది అని ఇంటివాళ్లకు ముందే చెప్పండి. తగిన ఫోటో దొరక్కపోతే పిల్లవాడి వైపు కత్తిరించి, పెద్దవాళ్లిద్దరినీ ఉంచడమే మర్యాదైన పని.

అతుకు బయటపడుతోందా అని చూసుకోవడం

పని అయిందనుకున్నాక `Image > Duplicate` తో ఒక నకలు తీసి, `Image > Flatten Image` తో దాన్ని ఒకే పొర చేయండి. అసలు ఫైలును గింప్ సొంత ఫైలు రకమైన ఎక్స్‌సీఎఫ్‌గా పొరలతో సహా దాచుకోండి, రేపు "గొలుసు వేరేది" అని ఫోన్ వస్తే మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు.

నకలు మీద `Curves` తెరిచి గీతను బాగా నిలువుగా లాగండి. మామూలుగా కనిపించని మరకలు, ఆకాశంలో అతుకులు, నూగు లేని నున్నటి చోట్లు బయటపడతాయి. నున్నగా ఉన్న చోట సహజమైన నూగు లేదని అర్థం. అసలు ఫైలుకు తిరిగి వెళ్లి, `Filters > Noise > RGB Noise` ను ఆ జాగాకు మాత్రమే, చాలా తక్కువ పాళ్లలో ఇవ్వండి. తర్వాత `Image > Transform > Flip Horizontally` కొట్టి చూడండి. గంటల తరబడి అదే బొమ్మను చూసి కంటికి అలవాటైన తప్పులు, అద్దంలో చూసినట్టు తిరగబడగానే తెలిసిపోతాయి. చివరగా బొమ్మను బొటనవేలి గోరంత చిన్నది చేసి చూడండి. దగ్గరగా కనిపించని గుండె ఆకారపు వెలుగు తేడా అప్పుడు కనిపించవచ్చు. కనిపిస్తే మళ్లీ ఆకాశం దగ్గరికి వెళ్లాలి.

`File > Export As` లో నకలును కాక అసలు ఫైలునే జేపెగ్‌గా తీసి, నాణ్యత 95 దగ్గర ఉంచండి. ఈ ఫైలును వాట్సాప్‌లో ఫోటోగా పంపి ప్రింటు తీయిస్తే చేసిన పనంతా మళ్లీ కుదించుకుపోతుంది. పెన్‌డ్రైవ్‌లోనో డాక్యుమెంటుగానో ఇవ్వండి.

ఎంత సైజు ప్రింటు వస్తుందన్నది చివరి ప్రశ్న. 1080, 1350 కొలతలు 8×10 అంగుళాల ఫ్రేమ్‌కు అచ్చంగా సరిపోతాయి, అంగుళానికి 135 పిక్సెళ్లు వస్తాయి. గోడ మీద పెట్టి రెండు మూడు అడుగుల దూరం నుంచి చూసుకోవడానికి బాగానే ఉంటుంది. ఇదే ఫోటోను నాలుగడుగుల వెడల్పు ఫ్లెక్సీకి లాగితే అంగుళానికి ఇరవై రెండు పిక్సెళ్లే మిగులుతాయి. రోడ్డు అవతల నుంచి చూసేవారికి అది పర్వాలేదు. పందిరి ద్వారం దగ్గర, మనుషులు ఆనుకుని నిలబడే చోట కట్టేదైతే మాత్రం 8×10 దాటవద్దని ముందే చెప్పేయండి.